ఉత్త చేతులతో రండి, వదినా

మాదాపూర్,
21 జూన్ 1998.

జ్యోతి వదినకు,

వందనాలు. అన్నయ్య, మీ కెజియా, నేను ముగ్గురం క్షేమంగా చేరాము. చీరాలలో ఆసుపత్రి క్వార్టర్సు ఖాళీ చేసి తాళం ఇచ్చేశాము. ఈ ఇల్లు అన్నయ్య కొత్త ఆఫీసుకు దగ్గర. రెండో అంతస్తు.

మీరు మస్కట్ నుంచి రాసినట్టే చేశాను. వంటసామాను మూటల్లోనే ఉంచి ముందు కెజియా మంచం వేశాము. చీరాలలో లాగే కిటికీ ఎడమ చేతివైపు వచ్చింది. దుప్పటి, గలీబు ఉతకలేదు. పాత ఇంటి వాసన కొన్నాళ్ళు ఉండనిమ్మన్నారు కదా. చేయి పట్టుకుని ఇల్లంతా తిప్పాను. ఎవరు ఎక్కడ పడుకుంటారో, రాత్రి లేస్తే ఏ స్విచ్చి నొక్కాలో చూపించాను. పడుకునే ముందు వరస మార్చలేదు. కాళ్ళు కడుక్కోవడం, పేరు చెక్కిన గ్లాసులో పాలు, ప్రార్థన, తలుపు గడియ. గడియ తనే వేస్తానంటుంది. అందదు. ఎత్తుకుంటాను.

చుట్టూ బండలు. మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి ఎవరో ఈల వేసి ఎర్ర జెండా ఊపుతారు. తరవాత బండ పేలుతుంది. ఇంట్లో గ్లాసులన్నీ గణగణమంటాయి. మొదటి రోజు కెజియా మంచం కింద దూరింది. వాచ్‌మన్ ఐలయ్య భార్య మల్లమ్మ మెట్ల కింద గదిలో ఉంటుంది. ఆమె పైకి వచ్చి, మంచం కిందికి వంగి, "ఏంగాదు బిడ్డా, ఫికర్ చెయ్యకు. హైటెక్ సిటీ కడుతున్నరు. మొత్తుకునేది బండ, మనం గాదు" అంది. ఆ మాటల్లో సగం దానికి అర్థమై ఉండదు. అయినా బయటికి వచ్చింది.

సెలవుకు వచ్చిన మీ రేణుక సిస్టరుతో మీరు పంపిన పొట్లాలు అందాయి. శనివారానికి ఒకటి ఇవ్వమన్నారు. నిన్న మొదటిది ఇచ్చాను. రిబ్బన్లు. చూసుకుని తన రేకు పెట్టెలో దాచుకుంది. ఇవాళ ఆదివారం. అందరికంటే ముందు స్నానం చేసి, చెప్పులు వేసుకుని, తలుపు దగ్గర కూర్చుంది. అన్నయ్య ఎంతో సంతోషించాడు. చర్చి అంటే దీనికి ఇంత ఇష్టమని ఇన్నాళ్ళూ తెలియలేదన్నాడు.

మీ లీదియా


మస్కట్,
9 జూలై 1998.

లీదియాకు,

నీ ఉత్తరం డ్యూటీలో మూడుసార్లు చదివాను. మా ఫిలిప్పీన్స్ సిస్టరు ప్రేమలేఖా అని అడిగింది. అవునన్నాను.

పొట్లాలు ఎందుకో చెబుతాను. మా పిల్లల వార్డులో కొత్తగా చేరిన పిల్లలు తలుపు వైపే చూస్తూ ఉంటారు. రోజూ ఒకే వేళకి చేతిలో ఏదో చిన్నది పెడతాను. బెలూనో, ఖాళీ సిరంజీయో. మూడో రోజుకల్లా ఆ వేళకి నా వైపు చూస్తారు. తలుపు మరిచిపోతారు. వస్తువు పెద్దదై ఉండక్కరలేదు. వేళ తప్పకూడదు, అంతే. అందుకని శనివారం తప్పించకు.

ఇంకో మాట. "ఇల్లు నచ్చిందా?" అని అడగొద్దు. నచ్చలేదంటే ఏం చేస్తావు? మీ అన్నయ్యకి కూడా చెప్పు, ఆయనకి అడిగే అలవాటు ఉంది. బడికి మొదటి వారం ఒకే దారిన తీసుకెళ్ళు. దారిలో గుర్తులు దాన్నే పెట్టుకోమను.

ఆదివారం సంగతి విని ఇక్కడ అందరికీ చెప్పుకున్నాను. నేనున్నప్పుడు చర్చికి లేపాలంటే నీళ్ళు చల్లాల్సి వచ్చేది. మీ దగ్గర బాగుపడింది.

నీ జ్యోతి వదిన


మాదాపూర్,
20 ఆగస్టు 1998.

జ్యోతి వదినకు,

మిమ్మల్ని బాధపెట్టే సంగతి రాయాలి. చుట్టూ తిప్పి రాయడం నాకు చేతకాదు.

కెజియా తయారయ్యేది చర్చి కోసం కాదు.

గడిచిన శనివారం అన్నయ్యకు ఆఫీసులో సెలవు దొరకలేదు. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయట. అలా ఆగకుండా చూడడమే వీళ్ళ పని. తను ఉన్నప్పుడే ఇవ్వాలని ఆ వారం పొట్లం ముందుగానే బుధవారం సాయంత్రం ఇచ్చాము. పూసల దండ. గురువారం తెల్లవారేసరికి చెప్పులు వేసుకుని, రేకు పెట్టె పక్కన పెట్టుకుని తలుపు దగ్గర కూర్చుంది. పాలు తెచ్చిన మల్లమ్మ చూసి, "ఏంది బిడ్డా, పెట్టె ముంగటేసుకుని గిట్ల కూసున్నవ్? రైలొస్తదా ఏంది, మన మెట్ల మీదికి?" అని నవ్వింది.

కెజియా నవ్వలేదు. "ఎప్పుడు వస్తుంది?" అని అడిగింది.

మల్లమ్మ వెళ్ళాక పక్కన కూర్చున్నాను. ఎక్కడికి వెళ్తున్నావని అడిగాను. తెలియదంది. మరి ఎందుకు తయారయ్యావని అడిగాను. నాకే ఏమీ తెలియదన్నట్టు చూసి ఇలా చెప్పింది: "బొమ్మ ఇచ్చి అమ్మ వెళ్ళిపోయింది. పలక ఇచ్చారు, పెన్సిల్ డబ్బా ఇచ్చారు, మనం చీరాల నుంచి వచ్చేశాం. ఇప్పుడు వారం వారం ఇస్తున్నారు కదా, అత్తా. ఈసారి ఎక్కడికి?"

వీడ్కోలు రోజు క్వార్టర్సు వాళ్ళంతా దాని చేతిలో ఏదో ఒకటి పెట్టారు. నాకు గుర్తుంది. థాంక్స్ చెప్పమని వెనక నుంచి వేలితో పొడిచింది నేనే.

పెట్టె తెరిచి చూశాను. మీరు పంపినవన్నీ కాగితాలతో సహా మడిచి ఉన్నాయి. ఒక్కదానితో కూడా ఆడలేదు. అడుగున రెండు జతల బట్టలు, పళ్ళపొడి. ఆదివారాలు చర్చి నుంచి మళ్ళీ ఈ ఇంటికే వచ్చినప్పుడు ఎందుకు ఏడ్చేదో మాకు తెలియలేదు. ఆకలి అనుకున్నాము.

వార్డు గురించి మీరు రాసింది నిజమే. కానీ వదినా, ఆ పిల్లలు మీరిచ్చినవి తీసుకుని ఇంటికి వెళ్ళిపోతారు.

మిగిలిన పొట్లాలు బీరువా పైన పెట్టాను. ఇక పంపకండి.

లీదియా


మస్కట్,
8 సెప్టెంబరు 1998.

లీదియాకు,

పంపను.

నువ్వు రాసింది సరైనదే. నర్సుని, నాకే తట్టాల్సింది. కానీ ఇక్కడ నుంచి నేను చేయగలిగింది అదొక్కటే. సెలవు దొరికిన ప్రతి శుక్రవారం సూక్ బజారులో తిరుగుతూ ఇది కెజియాకి, ఇది కెజియాకి అనుకునేదాన్ని. మొన్న శుక్రవారం బజారు దాకా వెళ్ళి తిరిగొచ్చాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మరి ఏం ఇస్తే ఉంటుందంటావు?

జ్యోతి


మాదాపూర్,
30 అక్టోబరు 1998.

జ్యోతి వదినకు,

మీ ప్రశ్నకు జవాబు నాకూ తెలియదు. చేసినవి మాత్రం రాస్తాను.

పెట్టెలో పట్టనిది ఇవ్వాలనుకున్నాను. ముందు ఒక మేకు. గోడ మీద నీకిష్టమైన చోట చెయ్యి పెట్టమన్నాను. రెండు రోజులు ఆలోచించి తలుపు పక్కన, తన భుజమంత ఎత్తులో పెట్టింది. ఐలయ్య వచ్చి కొట్టాడు. సిమెంటు గోడ, మొదటి మేకు వంగిపోయింది. "అది వంకర పోయింది, నాకొద్దు" అంది. రెండోది నిలిచింది. బడిసంచి దానికే తగిలిస్తుంది. వేరెవరి సంచీ తగిలించనివ్వదు. తరవాత తలుపు చట్రం మీద దాని ఎత్తుకు పెన్సిలుతో గీత గీశాను. దానిమీద తేదీ తనే వేసింది.

ఈల సంగతి. బండ పేలుతుందని భయపడవద్దని చెప్పడం మానేసి పని ఒప్పగించాను. ఈల వినపడగానే అలమరలో గ్లాసులు మోగకుండా పట్టుకోవాలి. ఇప్పుడు ఈల కోసం చూస్తుంది. ఒకరోజు ఈల ఆలస్యమైతే కోపం వచ్చింది.

బడి దారిలో మొదట ఏనుగు బండ, రొట్టె బండ అని గుర్తులు పెట్టుకుంది. రొట్టె బండ రెండో వారమే పోయింది. ఏనుగు సగం ఉంది. అందుకని గుర్తులు మనుషులకు మార్చాము. ఇస్త్రీ బండి అతను, పాన్ డబ్బా అతను. మర్రి సందు అనదు, మేకలామె సందు అంటుంది.

శనివారాన్ని వదలలేదు. వేళ తప్పకూడదన్నారు కదా. దిశ మార్చాను. ఆ వేళకు ఇప్పుడు కెజియా ఇస్తుంది. ఉడకబెట్టిన పల్లీలు గిన్నెలో పోసి మల్లమ్మకు ఇచ్చి రమ్మన్నాను. మెట్ల మీద చాలాసేపు నిలబడింది. ఇచ్చి వచ్చింది. ఆదివారం లేవగానే పరుగెత్తుకుంటూ కిందికి వెళ్ళింది. నేను వెనక వెళ్ళాను.

"మీరు ఇంకా వెళ్ళలేదా?"

"నేనేడికి పోత బిడ్డా?" అంది మల్లమ్మ ఊడుస్తూ. "గా ముసలోన్ని ఇడిసి పోయెటట్టుంటే ఎప్పుడో పోదును. పల్లీలల్ల జర ఉప్పు తక్కువైందని మీ అత్తకు చెప్పు."

ఐలయ్య లోపలి నుంచి, "పోతనంటే నేనద్దన్ననా?" అన్నాడు.

తరవాతి శనివారం పక్కింటి వాళ్ళకు ఇచ్చింది. వాళ్ళూ వెళ్ళలేదు. ఆ మరుసటిది ఇస్త్రీ బండి అతనికి. వెంట నేను ఉండాలి కనుక నాకూ వీళ్ళందరితో మాట్లాడక తప్పడం లేదు.

పెట్టె నుంచి ముందు పళ్ళపొడి బయటికి వచ్చింది. తరవాత బట్టలు. రిబ్బన్లు నిన్న వచ్చాయి. జడ వేసి కట్టాను.

లీదియా


మస్కట్,
6 డిసెంబరు 1998.

లీదియాకు,

రిబ్బన్లు కట్టుకున్న మాట దగ్గర ఆగిపోయాను. తరవాత చదవడానికి టైం పట్టింది.

ఇక్కడ అంతా బాగానే ఉంది. చాలా బాగుంది. నన్ను పిల్లల వార్డుకి ఇన్‌ఛార్జిగా వేశారు. చీరాలలో పదకొండేళ్ళు పనిచేసినా డాక్టరుగారు "ఏమ్మా, సిస్టర్" అనేవారు. ఇక్కడ పెద్ద డాక్టరు నన్ను పేరుపెట్టి పిలిచి, ఈ బిడ్డకి ఏం చేద్దామని అడుగుతాడు. రంజాన్‌కి డ్యూటీలు నేనే వేస్తాను. కొత్త గది ఇచ్చారు, కిటికీలోంచి సముద్రం కనిపిస్తుంది.

పంపొద్దన్నావు, పంపకుండా ఉన్నాను. కానీ క్రిస్మస్ కదా. ఒక్క గౌను. ఆకుపచ్చది. పంపకపోతే నాకే పండగలా లేదు. కోప్పడకు.

మీ అన్నయ్యని భోజనం వేళకి చెయ్యమను.

జ్యోతి వదిన


మాదాపూర్,
10 జనవరి 1999.

జ్యోతి వదినకు,

గౌను అందింది. బట్ట చాలా బాగుంది. క్రిస్మస్ రోజు కెజియాకు తొడిగాము. పాదాల దాకా వచ్చింది. భుజాలు మోచేతుల దగ్గర ఉన్నాయి. మల్లమ్మ చూసి, "ఇండ్ల ఇంకో పిల్ల పడుతది" అంది.

అన్నయ్య కొలత తప్పిందన్నాడు. నేనూ అలాగే అనుకోవచ్చు. కానీ మీరు కొలతలు తప్పరు. ఏడాది ముందు చీరాలలో మీరు కుట్టినవి ఇప్పటికీ సరిగ్గా సరిపోతున్నాయి.

కెజియా అద్దం ముందు నిలబడి కింది అంచు పట్టుకుని చూసుకుంది. తరవాత తలుపు చట్రం దగ్గరికి వెళ్ళి పెన్సిలు గీతకు వీపు ఆనించింది. చేయి తల మీద పెట్టి, ఇంకా పైకి, ఇంకా పైకి జరిపింది. "ఇది సరిపోయేదాకా అమ్మ రాదు" అంది. ఏడుపు లేదు. లెక్క చెప్పినట్టు చెప్పింది.

రేకు పెట్టెలో మళ్ళీ బట్టలు సర్దుతుందేమోనని చూశాను. గౌను ఒక్కటే లోపల పెట్టి మూత వేసింది.

మీ రెండేళ్ళ ఒప్పందం వచ్చే జనవరితో పూర్తవుతుంది. మీరు ఇంకా ఉండాలనుకుంటున్నారా? నాకు చెప్పకపోయినా ఫరవాలేదు. దానికి గౌను ముందే చెప్పేసింది.

లీదియా


మస్కట్,
2 ఫిబ్రవరి 1999.

లీదియాకు,

అవును. ఇంకో రెండేళ్ళకి అడిగారు. ఇంకా సంతకం చేయలేదు. కాగితం సొరుగులో ఉంది. మీ అన్నయ్యకి కూడా చెప్పలేదు.

గౌను కొనేటప్పుడు నాకు తెలియదు. నిజంగా తెలియదు. దుకాణంవాడు ఎన్నేళ్ళ పాపకి అన్నాడు. ఆరు అనబోయి ఎనిమిది అన్నాను. బయటికి వచ్చాక కూడా పెరిగే పిల్ల కదా అనుకున్నాను.

దాన్ని చూడకుండా ఉండలేను. ఇక్కడ ఈ పని లేకుండా కూడా ఉండలేనేమో. రెండూ నిజమే అయితే నేనెలాంటి తల్లినో నువ్వే అనుకో. నువ్వు అనవని తెలుసు. అనకుండా నాలుగు మాటలు రాస్తావు, అదే భయం.

మే నెలలో నెల రోజులు సెలవు ఇస్తారు. వస్తాను.

జ్యోతి


మాదాపూర్,
18 మార్చి 1999.

జ్యోతి వదినకు,

మీరు వస్తున్నారని దానికి చెప్పాము. రోజూ ఎవరికో ఒకరికి చెబుతోంది. ఇస్త్రీ బండి అతనికి రెండుసార్లు చెప్పింది.

మీరెలాంటి తల్లో నేను అనుకోలేదు. ఒక్క విషయం మాత్రం తెలిసి ఉండాలని రాస్తున్నాను.

దాని నియమం కొంచెం మారింది. ఇక్కడివాళ్ళు ఇచ్చుకుంటే ఏమీ కాదు. దూరం నుంచి వచ్చినవాళ్ళు ఇస్తే, వాళ్ళు వెళ్ళిపోతారు. మొన్న గుంటూరు నుంచి, నేను చదువుకున్న కాన్వెంటు సిస్టరుగారు వచ్చి బిస్కెట్లు ఇస్తే, "ఏ బస్సుకి వెళ్తున్నారు?" అని అడిగింది. ఆవిడ నొచ్చుకున్నారు.

మీరు గుమ్మంలోకి రాగానే అది ముందు మీ ముఖం చూడదు. చేతులు చూస్తుంది.

ఉండిపోయేటట్టయితే ఉత్త చేతులతో రండి, వదినా. నెలకే అయితే ఏదైనా తీసుకురండి. చిన్నదైనా చాలు. తిరిగి వెళ్ళేవారు ఉత్త చేతులతో మాత్రం రావద్దు. ఇన్నాళ్ళుగా ఈ ఇంట్లో అబద్ధం ఒక్కటే దానికి ఇవ్వలేదు.

మేలో నేను గుంటూరు వెళ్తాను. కాన్వెంటులో వేసవి తరగతులు చెప్పమన్నారు. మీరు ముగ్గురూ ఉండడం మంచిది. వరస అంతా మీకు తెలిసిందే. గడియ ఇప్పుడు దానికి అందుతుంది. ఎత్తుకోకండి.

లీదియా


మాదాపూర్,
29 మే 1999.

లీదియాకు,

మీ ఇంటి నుంచి నీకు ఉత్తరం రాస్తున్నాను. వింతగా ఉంది.

విమానాశ్రయంలో రంగు పెన్సిళ్ళ డబ్బా ఒకటి కొన్నాను. విమానంలో ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను. దీన్ని సీటు కింద వదిలేసి దిగితే చాలు, ఒక నెల మహరాణిలా ఉండొచ్చు. ఆ తరవాత సంగతి తరవాత. ఆ ఆలోచన రాలేదని చెప్పను. టాక్సీలో కూడా వచ్చింది. మీ ఇంటి మెట్ల మీద కూడా వచ్చింది.

తలుపు తెరిచింది అదే. నువ్వు రాసినట్టే చేతులు చూసింది. డబ్బా ఇచ్చాను. "ఎప్పుడు వెళ్తావు?" అంది. జూన్ మొదటి వారమన్నాను. "సరే" అంది. అప్పుడు ముఖం చూసింది. చూసి, అప్పుడు వచ్చి పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టుకుందో నీకు రాయలేను.

పెన్సిళ్ళు పెట్టెలో పెట్టలేదు. కిటికీ దగ్గర పెట్టింది, సాయంత్రానికి ఎరుపు అరిగిపోయింది. అసలు ఆ రేకు పెట్టె ఇప్పుడు వంటింట్లో బోర్లించి ఉంది. దాని మీద ఎక్కి గ్లాసులు పట్టుకుంటుంది. గౌను ఎక్కడ అంటే, మల్లమ్మ మనవరాలికి ఇచ్చేశానంది. "ఆమెకి ఇప్పుడే సరిపోతది."

ఆ మాట తీరు విన్నావా! మొదటి రోజే ఈల వినిపించింది. నేను ఉలిక్కిపడి దాన్ని దగ్గరికి లాక్కోబోయాను. అది నన్నే లాక్కెళ్ళి నా చేతులు గ్లాసుల మీద పెట్టింది. "గిట్ల పట్టుకో. గట్టిగ కాదు, పగులుతయి. ఏంగాదు, మొత్తుకునేది బండ, మనం గాదు." బండ పేలింది. నా చేతుల కింద ఒక్క గ్లాసూ మోగలేదు.

రాత్రి ఇల్లంతా చేయి పట్టుకుని తిప్పింది. ఎవరు ఎక్కడ పడుకుంటారో, ఏ స్విచ్చి నొక్కాలో చూపించింది. గోడ మీద ఇష్టమైన చోట చెయ్యి పెట్టమంది. పెట్టాను. పొద్దున ఐలయ్యని పిలుచుకొచ్చింది. ఆయన ఒక్క దెబ్బకి దించాడు. "అమ్మగారి మేకు వంగలే" అన్నాడు. నా భుజంసంచి దానికి తగిలించాను. ఇల్లు నచ్చిందా అని మాత్రం అది నన్ను అడగలేదు.

లీదియా, నేను వచ్చింది దాన్ని ఓదార్చడానికి. ఇక్కడ ఓదార్చాల్సిన పిల్ల లేదు. ఒక ఇల్లుగల మనిషి ఉంది, చుట్టం వస్తే చూసుకుంటోంది. మొదటి రెండు రాత్రులు అది నిద్రపోయాక మీ అన్నయ్య ముందు ఏడ్చాను. ఇదే కదా మనం కోరుకున్నది, అన్నాడు ఆయన. ఇదే. కాగితం సంగతి కూడా ఆయనకి అప్పుడే చెప్పాను. నీ ఇష్టం అన్నాడు. మూడో రోజు మళ్ళీ, నీ ఇష్టం, అన్నాడు. ఈసారి కూర్చుని అన్నాడు.

నిన్న సామాను సర్దుతున్నాను. భుజంసంచి తీయబోతే చూసింది. అలమర దగ్గరికి వెళ్ళి ప్లాస్టిక్ కవరు తెచ్చి ఇచ్చింది. "ఇండ్ల పెట్టుకుపో. సంచి ఉండనీ."

పాస్‌పోర్టూ, పర్సూ కవరులో పెట్టుకున్నాను. సంచి మేకుకే ఉంది.

ఇస్తావా ఏమైనా నాకు, అని అడిగాను. ఇవ్వనంది. ఇవ్వనని దూరంగా వెళ్ళి నిలబడింది.

మస్కట్ చేరగానే సొరుగులో కాగితం సంతకం లేకుండా తిరిగి ఇచ్చేస్తాను. వార్డు వేరే వాళ్ళు చూసుకుంటారు. నాకు బాధ ఉంటుంది, నీకు తప్ప ఎవరికీ చెప్పను. కెజియాకి ఏమీ చెప్పలేదు. నువ్వూ చెప్పకు. ఆ మాటను కూడా పొట్లం కట్టి చేతిలో పెట్టినట్టవుతుంది.

అప్పటిదాకా పంపడానికి నా దగ్గర ఏమీ లేదు. జనవరిలో చేతులు ఊపుకుంటూ వస్తాను. అది చూసుకుంటుంది.

జ్యోతి